ఎదురుతిరిగిన సాక్షికి క్రాస్ ఎగ్జామినేషన్: రోడ్డు ప్రమాదపు మాక్ ట్రయల్‌లో అభ్యాసక్రమం - పరిశీలన

వ్యాససంగ్రహం

న్యాయవిద్యార్థుల మాక్ ట్రయళ్లలో ప్రాసిక్యూషన్ సాక్షి ఎదురుతిరిగే ఘట్టం తరచుగా ఉంటుంది. పోలీసుల ముందు చెప్పిన మాటకూ కోర్టులో చెప్పిన మాటకూ తేడా ఉందని నిరూపించడమే ఆ ఘట్టంలో విజయమని విద్యార్థులు భావిస్తారు. కాని ఆ తేడాను ఎంత బలంగా నిరూపించినా, పోలీసుల ముందు చెప్పిన మాట నేరానికి రుజువు కాదు. సాక్షి బోనులో నిలబడి ఒప్పుకున్న విషయాలే రుజువుకు పనికివస్తాయి. ఒక కల్పిత రోడ్డు ప్రమాద కేసును ఆధారంగా చేసుకొని ఈ క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఏ వరుసలో నడపాలి, ఎక్కడ దెబ్బతింటుంది, దాని ఫలితాన్ని ఎలా కొలవాలి అన్న విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మాక్ ట్రయల్, ఎదురుతిరిగిన సాక్షి, క్రాస్ ఎగ్జామినేషన్, వైరుధ్యం, రోడ్డు ప్రమాదం, సాక్ష్య చట్టం.

1. ఉపోద్ఘాతం

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నియమాల్లో మూట్ కోర్టు అభ్యాసాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా చేర్చింది. మూట్ కోర్టులో విద్యార్థి చట్టం మీద వాదిస్తాడు. వాస్తవాలు అక్కడ ముందే తేలి ఉంటాయి. మాక్ ట్రయల్‌లో ఆ వాస్తవాలనే సాక్షుల నోటినుంచి రాబట్టాలి. రెండింటికీ ఉన్న ఈ అంతరం ఎదురుతిరిగిన సాక్షి ముందు నిలబడినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. చట్టం బాగా చదివిన విద్యార్థి కూడా అక్కడ తడబడతాడు.

ఆ తడబాటుకు భయం కంటే లక్ష్యం తెలియకపోవడమే ఎక్కువగా కారణమవుతుంది. తన సాక్షి మాట మార్చగానే విద్యార్థికి కోపం వస్తుంది. పోలీసు వాంగ్మూలాన్ని చేతపట్టుకొని, అందులోని ప్రతి వాక్యాన్నీ చదివి, "అలా చెప్పారా లేదా?" అని అడుగుతూ పోతాడు. సాక్షి ప్రతిదానికీ "చెప్పలేదు" అంటాడు. సభికులకు సాక్షి అబద్ధాలకోరని అర్థమవుతుంది, విద్యార్థికి చప్పట్లు కూడా పడవచ్చు. కాని తీర్పు రాయవలసిన న్యాయమూర్తి స్థానంలో కూర్చొని చూస్తే, ప్రమాదం ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం ఒక్క వాక్యం కూడా రికార్డులో లేదు.

2. చట్టం ఇచ్చే అనుమతి, దాని హద్దు

"హోస్టైల్ సాక్షి" అన్న మాట కోర్టు వాడుకలో స్థిరపడినా, భారతీయ సాక్ష్య చట్టంలో ఆ పదం లేదు. సాక్షిని పిలిచిన పక్షమే అతనిని అవతలి పక్షం అడగదగిన ప్రశ్నలు అడగడానికి న్యాయస్థానం తన విచక్షణతో అనుమతించవచ్చు అని మాత్రమే చట్టం చెబుతుంది. 1872 చట్టంలో ఇది 154వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 157వ సెక్షను. అనుమతి కోరే ప్రాసిక్యూటర్ సాక్షి మీద ముద్ర వేయమని అడగనక్కరలేదు. సూచక ప్రశ్నలు వేయడానికి, పూర్వ వాంగ్మూలంతో పోల్చి ప్రశ్నించడానికి అవకాశం కోరితే చాలు.

ఈ అనుమతి రాగానే సాక్షి చెప్పినదంతా చెరిగిపోదు. భగవాన్ సింగ్ కేసులోను, సత్‌పాల్ కేసులోను సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. సాక్షి విశ్వసనీయత పూర్తిగా దెబ్బతినలేదని న్యాయమూర్తి భావిస్తే, నమ్మదగిన భాగాన్ని తగిన జాగ్రత్తతో స్వీకరించవచ్చు. అనుమతి పొందిన పక్షం సాక్ష్యంలోని ఏ భాగం మీదనైనా ఆధారపడవచ్చునని తరువాత చట్టంలోనే చేర్చారు.

పోలీసు వాంగ్మూలం సంగతి వేరు. దర్యాప్తులో సాక్షి చెప్పిన మాటలను భారతీయ నాగరిక సురక్షా సంహిత 180వ సెక్షను కింద నమోదు చేస్తారు. దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షను నిషేధిస్తుంది. కోర్టులో ఆ వాంగ్మూలాన్ని ప్రాసిక్యూషన్ తన సాక్షి మీద వాడుకోవాలంటే న్యాయస్థానం అనుమతి కావాలి. ఆ వినియోగం కూడా వైరుధ్యాన్ని చూపడం వరకే. వాంగ్మూలంలో రాసి ఉన్నది నిజమని దాని ఆధారంగా తేల్చడానికి వీలు లేదు. "కింద సంతకం మీదేనా?" అని అడిగే విద్యార్థి ఈ సెక్షను చదవలేదని ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసిపోతుంది.

దీన్నిబట్టి ప్రాసిక్యూటర్‌కు రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. సాక్షి ఇప్పటికీ కాదనలేని వాస్తవాలను అతని నోటితో చెప్పించడం మొదటిది. అతడు మార్చిన మాటను నమ్మనక్కరలేదని చూపడం రెండోది. మొదటిది సాక్ష్యాన్ని నిలబెడుతుంది, రెండోది సాక్ష్యాన్ని పడగొడుతుంది. ఈ రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

3. అభ్యాసానికి తీసుకున్న కేసు

అభ్యాసం కోసం కల్పించిన కేసు ఇది. 2025 జనవరిలో ఒక సాయంత్రం 7:30 గంటలకు, తూర్పు పడమరలుగా సాగే రోడ్డు మీద ప్రమాదం జరిగింది. తారు రోడ్డు వెడల్పు 7 మీటర్లు, మధ్యలో విభాగిని లేదు. తూర్పుకు వెళ్లే ఆర్టీసీ బస్సు ఒకటి ఉత్తరపు అంచున ఆగి ప్రయాణికులను దించుతోంది. దాని వెనక నుంచి వచ్చిన లారీ బస్సును దాటబోయి దక్షిణపు సగంలోకి వచ్చింది. అదే సగంలో ఎదురుగా, పడమరకు వెళుతున్న మోటారుసైకిలును లారీ కుడి మూల తాకింది. మోటారుసైకిలు నడుపుతున్న యువకుడు మరణించాడు. లారీ డ్రైవరు దిగి పొలాల్లోకి పారిపోయాడని ఆరోపణ.

డ్రైవరు మీద భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అభియోగం మోపారు. నిర్లక్ష్యపు చర్యతో మరణానికి కారణమైన ఈ నేరానికి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. తెలియజేయకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష చెప్పే 106(2)ను, 2024 జులై 1న సంహితలోని మిగతా సెక్షన్లు అమలులోకి వచ్చినప్పుడు అమలుకు తేలేదు. అందువల్ల పారిపోయాడన్న అంశానికి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను కింద విడిగా అభియోగం ఉంది.

రోడ్డుకు దక్షిణపు పక్కన టీ కొట్టు నడిపే వ్యక్తి రెండవ సాక్షి. బస్సు సిబ్బంది ప్రయాణికులను దించే పనిలో ఉండి, ఢీకొన్న క్షణాన్ని చూడలేదని చెప్పారు. కనుక కళ్లారా చూసినవాడిగా ఈ సాక్షి ఒక్కడే మిగిలాడు. పోలీసు వాంగ్మూలంలో అతడు నాలుగు మాటలు చెప్పినట్లు ఉంది. లారీ అతివేగంగా వచ్చింది. బస్సును దాటుతూ కుడివైపుకు వచ్చి మోటారుసైకిలును కొట్టడం తాను చూశాడు. కింద పడిన బండి దీపం వెలుగుతూనే ఉంది. డ్రైవరు దిగి పారిపోయాడు, అతడు తన కొట్టులో టీ తాగే మనిషే.

కోర్టులో ప్రధాన విచారణకు వచ్చేసరికి అతడు ఇలా చెప్పాడు: "నేను పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి ఉన్నానండీ. పెద్ద చప్పుడు వినబడింది. చూసేసరికి ప్రమాదం జరిగిపోయింది. ఎలా జరిగిందో నాకు తెలియదు. డ్రైవరును నేను చూడలేదు."

ఈ సాక్షి పాత్ర ధరించే విద్యార్థికి ఇచ్చే కాగితం మీద అభ్యాసం నాణ్యత చాలావరకు ఆధారపడుతుంది. అతడు కాదనవలసినవి, కాదనలేనివి ఆ కాగితంలో విడివిడిగా ఉండాలి. ఢీకొనడం, డ్రైవరు గుర్తింపు అతడు కాదనవలసిన విషయాలు. తన కొట్టు ఎక్కడ ఉంది, బస్సు ఎక్కడ ఆగింది, తిరిగి చూసినప్పుడు వాహనాలు ఎక్కడ ఉన్నాయి అన్నవి పదిమందికీ తెలిసిన విషయాలు కనుక అతడు కాదనలేడు. ఎదురుతిరిగిన సాక్షులలో ఎక్కువమంది మొత్తం కథను మార్చరు, తమకు ఇబ్బంది కలిగించే ఒకటి రెండు మాటలే మార్చుకుంటారు. అన్నిటికీ "తెలియదు" అనే సాక్షిని కల్పిస్తే ఆ అభ్యాసంలో నేర్చుకునేదేమీ ఉండదు.

4. మొదటి అంచె: మిగిలిన నిజాన్ని కూడగట్టడం

అనుమతి రాగానే వాంగ్మూలాన్ని బల్లమీద పెట్టి, దానిని ముట్టుకోకుండా ప్రశ్నలు మొదలుపెట్టాలి. పోలీసుల ముందు చెప్పిన మాటను ఎత్తగానే సాక్షి బిగుసుకుపోతాడు. ఆ తరువాత కొట్టు ఏ పక్కన ఉందని అడిగినా అనుమానంగానే జవాబిస్తాడు. అందువల్ల అతని నుంచి రావలసినవన్నీ అతడు నిశ్చింతగా ఉన్నప్పుడే రాబట్టాలి.

ఇక్కడ అడిగే ప్రశ్నలు సాక్షి కొత్త కథను ఢీకొనకూడదు. అతడు వెనక్కి తిరిగి ఉన్నాడన్న మాటను అప్పటికి ఒప్పుకున్నట్లే ఉండి, తిరిగి చూసిన తరువాత కనిపించినదాన్నే అడగాలి. ఒక్కో ప్రశ్నలో ఒక్కో విషయమే ఉండాలి.

ప్రశ్న: మీ కొట్టు రోడ్డుకు దక్షిణం పక్కన ఉంది కదా?
జవాబు: అవునండీ.

ప్రశ్న: బస్సు ఉత్తరం పక్కన ఆగి ఉంది?
జవాబు: అవును, అది రోజూ అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: చప్పుడు వినగానే తిరిగి చూశారు?
జవాబు: వెంటనే చూశానండీ.

ప్రశ్న: అప్పటికి లారీ రోడ్డుకు దక్షిణపు సగంలో, మీ కొట్టు వైపు ఉంది?
జవాబు: ఉంది.

ప్రశ్న: దాని ముందుభాగం తూర్పు ముఖంగా ఉంది?
జవాబు: అవునండీ.

ప్రశ్న: మోటారుసైకిలు దక్షిణపు అంచున, మీ కొట్టు ముందు పడి ఉంది?
జవాబు: అవును.

ప్రశ్న: దాని దీపం అప్పటికీ వెలుగుతూనే ఉంది?
జవాబు: వెలుగుతోంది. నేనే వెళ్లి తాళం తిప్పి ఆపాను.

ప్రశ్న: లారీలో డ్రైవరు వైపు తలుపు మీ కొట్టు వైపే ఉంది?
జవాబు: అవునండీ.

ప్రశ్న: ఆ తలుపు తెరిచి ఉంది?
జవాబు: తెరిచే ఉంది.

ప్రశ్న: లోపల ఎవరూ లేరు?
జవాబు: ఎవరూ కనిపించలేదు.

పది ప్రశ్నల్లో సాక్షి తన కొత్త కథనుంచి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. అయినా ప్రమాదం చిత్రం దాదాపు పూర్తయింది. తూర్పుకు వెళ్లే లారీ ఉండవలసింది ఉత్తరపు సగంలో. చప్పుడు వినగానే చూస్తే అది దక్షిణపు సగంలో ఉంది. మోటారుసైకిలు తన సగంలోనే, అంచుకు దగ్గరగా పడింది. దాని దీపం వెలుగుతోంది కనుక చీకట్లో కనిపించలేదన్న వాదనకు బలం తగ్గింది. "వెంటనే చూశాను" అన్న జవాబు వల్ల, ప్రమాదం తరువాత వాహనాలను ఎవరో జరిపి ఉంటారన్న వాదనకూ చోటు మిగలలేదు.

వేగం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదన్నది గమనించాలి. విద్యార్థులు ముందుగా పట్టుకునేది వాంగ్మూలంలోని "అతివేగంగా" అన్న మాటనే. కాని 1998లో కర్ణాటక రాష్ట్రం, సతీష్ కేసులో సుప్రీంకోర్టు, వేగం అన్నది సాపేక్షమైన మాటనీ, వాహనం అతివేగంగా వెళ్లిందని చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదనీ చెప్పింది. సాక్షి ఎదురుతిరగకుండా ఆ మాట చెప్పినా దాని విలువ తక్కువే. ఆ మాట కోసం ఎదురుతిరిగిన సాక్షితో పోరాడడం వృథా. లారీ ఏ సగంలో ఉందన్నది కొలవదగిన విషయం. ఎదుటి నుంచి వచ్చే వాహనం ఉందో లేదో చూసుకోకుండా ఆ సగంలోకి రావడమే ఈ కేసులో నిర్లక్ష్యం.

5. రెండో అంచె: వైరుధ్యాన్ని చూపడం

ఇప్పుడు వాంగ్మూలాన్ని తీయాలి. దాన్నంతటినీ కాదు. సాక్షి చెప్పిన కొత్త మాటకు సూటిగా విరుద్ధమైన భాగాలు రెండే ఉన్నాయి. ఢీకొనడం చూశానన్నది ఒకటి, డ్రైవరు పారిపోతుండగా చూశాననీ అతడు తన కొట్టుకు వచ్చే మనిషేననీ చెప్పింది మరొకటి. సాక్ష్య అధినియమం 148వ సెక్షను ప్రకారం, రాతలోని ఏ భాగంతో సాక్షిని విభేదించదలచారో ఆ భాగాన్ని ముందుగా అతని దృష్టికి తేవాలి. 2015లో వి.కె. మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఈ క్రమాన్ని వివరించింది. ఆ భాగాన్ని చెప్పినట్లు సాక్షి ఒప్పుకుంటే వైరుధ్యం అక్కడే రుజువైనట్లు. కాదంటే, తరువాత రుజువు చేయాలన్న షరతుతో ఆ భాగాన్ని గుర్తించి, వాంగ్మూలం రాసిన అధికారిని దాని గురించి అడగాలి.

ప్రశ్న: పోలీసులు మిమ్మల్ని విచారించారు కదా?
జవాబు: విచారించారండీ.

ప్రశ్న: (ఆ భాగం చదివి వినిపిస్తూ) "లారీ ఆగి ఉన్న బస్సును దాటుతూ కుడివైపుకు వచ్చి మోటారుసైకిలును కొట్టడం నేను చూశాను" అని వారికి చెప్పారు?
జవాబు: లేదండీ, నేను అలా చెప్పలేదు.

ఇక్కడ ప్రాసిక్యూటర్ ఆగి, న్యాయమూర్తిని ఉద్దేశించి ఆ వాక్యాన్ని మాత్రమే గుర్తించమని కోరాలి. అది ఎగ్జిబిట్ పి-4 అవుతుంది. డ్రైవరు గురించిన వాక్యాన్ని కూడా ఇలాగే చదివి, జవాబు తీసుకొని, ఎగ్జిబిట్ పి-5గా గుర్తించాలి. మొత్తం వాంగ్మూలాన్ని ఎగ్జిబిట్‌గా పెట్టకూడదు. అలా పెడితే, వైరుధ్యం లేని భాగాలు కూడా చట్టం అనుమతించని మార్గంలో రికార్డులోకి వస్తాయి.

రెండు వాక్యాలను కలిపి ఒకే ప్రశ్నగా అడగడం అభ్యాసాల్లో తరచుగా కనిపించే లోపం. "లారీ కొట్టడం చూశామనీ డ్రైవరు పారిపోయాడనీ చెప్పారు కదా?" అని అడిగితే, సాక్షి "లేదు" అన్న జవాబు దేనికో తెలియదు. కింది కోర్టుల్లో సాక్ష్యాన్ని ఎక్కువగా కథనరూపంలో నమోదు చేస్తారు, ప్రశ్న కనబడదు. "అలా చెప్పలేదు" అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది.

6. మూడో అంచె: మాట మారడానికి కారణం

"మరి పోలీసులు ఎందుకు అలా రాశారు?" అన్న ప్రశ్న విద్యార్థి నోట సహజంగానే వస్తుంది. అది వేయకూడని ప్రశ్న. సాక్షికి ఇంతసేపూ దొరకని అవకాశం దానితో దొరుకుతుంది. పోలీసులు బెదిరించారనో, రాసింది చదివి వినిపించలేదనో అతడు చెప్పుకుపోతాడు. అదంతా రికార్డుకు ఎక్కుతుంది, ముద్దాయి న్యాయవాదికి కష్టపడే అవసరం తప్పుతుంది.

కారణాన్ని సాక్షి చేత చెప్పించకుండా, కారణాలు లేవని ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావాలి. ఆ దర్యాప్తు అధికారితో అతనికి పూర్వం తగాదా ఏదీ లేదు. తాను చెప్పనిది రాశారని ఇన్ని నెలల్లో పై అధికారులకు గాని, కోర్టుకు గాని ఫిర్యాదు చేయలేదు. ముద్దాయి, అతడు ఒకే ఊరివారు. వీటిలో ప్రతిదానికీ "అవును", "లేదు" అన్న జవాబులే సరిపోతాయి.

ముద్దాయి డబ్బిచ్చాడన్న సూచనను ఆధారం లేకుండా చేయకూడదు. సాక్షి గౌరవానికి భంగం కలిగించే ప్రశ్నను సహేతుకమైన ఆధారం ఉంటే తప్ప అడగరాదని సాక్ష్య అధినియమం 152వ సెక్షను చెబుతుంది. మాక్ ట్రయల్ ఫైలులో అటువంటి ఆధారం లేదు. అలాంటప్పుడు "ముద్దాయి మీ ఊరివాడు కనుక, ఢీకొనడం చూసి కూడా చూడలేదని చెబుతున్నారు" అన్న సూచనతో ఆపాలి. సాక్షి కాదంటాడు. కాదన్నా, ప్రాసిక్యూషన్ వైఖరి రికార్డులో ఉంటుంది.

ఆ సూచనను ఢీకొనడం చూడలేదన్న మాటకే పరిమితం చేయాలి. "మీరు చెప్పిందంతా అబద్ధం" అని విద్యార్థి గట్టిగా అంటే, మొదటి అంచెలో సంపాదించిన పది జవాబులూ ఆ అబద్ధంలోకే పోతాయి. తాను ఆధారపడదలచిన సాక్ష్యాన్ని తానే అబద్ధమన్న ప్రాసిక్యూటర్‌ను ముద్దాయి న్యాయవాది వాదనల్లో వదలడు.

సాక్షి కోర్టులో చెబుతున్నదే నిజమై ఉండే అవకాశమూ ఉంది. అతడు నిజంగానే పొయ్యి వైపు తిరిగి ఉండవచ్చు, పోలీసులే చూసినట్లు రాసుకొని ఉండవచ్చు. ఎదురుతిరిగిన సాక్షి అనగానే అమ్ముడుపోయిన సాక్షి అని అనుకోవడం ముద్దాయికి అన్యాయం చేస్తుంది. మొదటి అంచెకు ఉన్న విలువ ఇక్కడే కనిపిస్తుంది. సాక్షి ఢీకొనడం చూశాడా లేదా అన్నది ఎటు తేలినా, లారీ ఏ సగంలో ఉందన్న జవాబు మారదు.

7. దర్యాప్తు అధికారి సాక్ష్యంతో పూర్తి

ఎగ్జిబిట్ పి-4, పి-5 అప్పటికింకా రుజువు కాలేదు. వాంగ్మూలం రాసిన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, రెండవ సాక్షిని తాను విచారించినట్లు, పి-4లో ఉన్నట్లే అతడు తనతో చెప్పినట్లు, పి-5లో ఉన్నట్లే చెప్పినట్లు వేర్వేరుగా చెప్పాలి. "సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేశాను" అన్న సాధారణ వాక్యం చాలదు. ఈ రెండు ప్రశ్నలు మరిచిపోతే రెండో అంచె మొత్తం వ్యర్థమవుతుంది.

మాక్ ట్రయళ్లలో ఈ మరుపుకు సాక్షుల వరుసే కారణమవుతుంది. ఆసక్తికరంగా ఉంటుందని దర్యాప్తు అధికారిని ముందుగా, ఎదురుతిరిగే సాక్షిని పతాక ఘట్టంగా చివర పిలుస్తారు. అప్పుడు వైరుధ్యాన్ని రుజువు చేసేవారు ఎవరూ మిగలరు. ఆ పరిస్థితిలో నాగరిక సురక్షా సంహిత 348వ సెక్షను కింద దర్యాప్తు అధికారిని తిరిగి పిలవమని కోర్టును అభ్యర్థించాలి. నిర్వాహకులు వరుసను కావాలనే ఇలా పెట్టి, విద్యార్థి ఈ దరఖాస్తు వేస్తాడా లేదా అని చూడడం కూడా మంచి పరీక్షే.

8. ఏది నిలిచింది, ఏది నిలవలేదు

ఈ క్రాస్ ఎగ్జామినేషన్ తరువాత ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నదాన్ని లెక్కచూసుకోవాలి. లారీ స్థానం, మోటారుసైకిలు స్థానం, దీపం, తెరిచి ఉన్న తలుపు సాక్షి ప్రమాణం మీద రికార్డులోకి వచ్చాయి. ఘటనాస్థల పంచనామాలో, లారీ కుడి దీపానికి చెందిన గాజుముక్కలు దక్షిణపు అంచునుంచి 1.5 మీటర్ల దూరంలో దొరికాయని ఉంది. రోడ్డు సగం 3.5 మీటర్లు కనుక, లారీ మధ్యరేఖను 2 మీటర్ల మేర దాటి వచ్చిందన్నమాట. పంచనామా సాక్షి చెప్పిన కొలత, టీ కొట్టు సాక్షి చెప్పిన స్థానం ఒకదాన్ని మరొకటి బలపరుస్తాయి.

డ్రైవరు ఎవరన్నది మాత్రం ఈ సాక్షి ద్వారా నిలవలేదు. పి-5 ఎంత చక్కగా రుజువైనా, ముద్దాయే లారీ నడిపాడని అది రుజువు చేయదు. సాక్షి కోర్టులో చెప్పినదాన్ని నమ్మనక్కరలేదని మాత్రమే చూపుతుంది. గుర్తింపు కోసం ప్రాసిక్యూషన్ మరో దారి వెతుక్కోవాలి. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను ప్రకారం, అడిగినప్పుడు డ్రైవరు వివరాలను పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత వాహన యజమానిది. ఆ సాయంత్రం లారీని ఎవరికి అప్పగించాడో చెప్పడానికి యజమానిని సాక్షిగా పిలవాలి. ఈ కేసులో అతడు నాలుగవ సాక్షి. అతడు కూడా ఎదురుతిరిగితే, నిర్లక్ష్యం రుజువైన కేసులోనే ముద్దాయి నిర్దోషిగా బయటపడవచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎంత నేర్పుగా సాగినా ఈ ఖాళీని పూడ్చలేదన్నది విద్యార్థి తెలుసుకోవలసిన హద్దు.

అభ్యాసం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. విచారణ జరిగిన గదిలో లేని విద్యార్థికి, నమోదైన సాక్ష్యాన్ని మాత్రమే ఇచ్చి, ప్రమాద స్థలం పటం గీయమనాలి. బస్సు, లారీ, మోటారుసైకిలు, కొట్టు సరైన చోట్ల పడితే మొదటి అంచె సఫలమైనట్లు. ఆ తరువాత, సాక్షి కాదన్న మాటలు ఏవో, వాటిని ఎవరు రుజువు చేశారో అదే సాక్ష్యంనుంచి చెప్పమనాలి. చెప్పగలిగితే రెండో అంచె, దర్యాప్తు అధికారి విచారణ సరిగా జరిగినట్లు. పటం ఖాళీగా ఉండి, సాక్షి అబద్ధమాడాడన్న అభిప్రాయమొక్కటే మిగిలితే, గదిలో ఎన్ని చప్పట్లు పడినా ఆ క్రాస్ ఎగ్జామినేషన్ విఫలమైనట్లే.

9. ముగింపు

ఎదురుతిరిగిన సాక్షి విషయంలో ప్రశ్నల పదును కంటే వాటి వరుస ముఖ్యమని పై పరిశీలన వల్ల తేలుతున్నది. సాక్షి కాదనలేనిదాన్ని ముందుగా చెప్పించుకోవాలి. సూటిగా విరుద్ధమైన భాగాలనే ఎంచి, ఒక్కొక్కటిగా అతని దృష్టికి తేవాలి. మాట మారిన కారణాన్ని ఆధారం ఉన్నంత మేరకే సూచించాలి. చివరకు దర్యాప్తు అధికారి చేత ఆ భాగాలను రుజువు చేయించాలి. ఈ వరుస తప్పినప్పుడు, మరణించిన వ్యక్తి కుటుంబానికి తమ మనిషి ఎలా పోయాడో చెప్పే సాక్ష్యం రికార్డులో లేకుండా పోతుంది, లేదా రుజువు కాని వాంగ్మూలం ఆధారంగా ముద్దాయి శిక్షకు గురయ్యే ప్రమాదం ఏర్పడుతుంది.